వాట్సాప్ కేటలాగ్‌లో ‘ఏటికొప్పాక’ అని వెతికి కొనేవాళ్లు ఒకసారి చదవండి

వైజాగ్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో బొమ్మల కేటలాగ్ లింకులు తెగ తిరుగుతున్నాయి. వాటిలో వస్తువు పేరు చూసి డబ్బు పంపేయకండి. ఆ పేరు చాలాసార్లు వస్తువు గురించి చెప్పేది కాదు, మనం వెతికినప్పుడు పైకి రావడానికి పెట్టింది.

మా మనవడికి లక్క గిలక్కాయ కొందామని అలాంటి ఒక కేటలాగ్‌లో వెతికాను. తెలుగులో టైపు చేస్తే ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే వచ్చిన వస్తువు పేరు ఇదీ:

```
Etikoppaka Yetikoppaka Kondapalli Channapatna Wooden Rattle Baby Gift Vizag MVP Gajuwaka Madhurawada
```

ఇందులో కొంత న్యాయమైనదే. మనం కొట్టిన అక్షరాలు పేరులోనో వివరణలోనో ఉంటేనే వస్తువు దొరుకుతుంది. ఏటికొప్పాకని ఒకరు E తో, ఇంకొకరు Y తో రాస్తారు కాబట్టి అమ్మేవాళ్లు రెండూ పెడతారు. దాన్ని తప్పుపట్టను. కానీ కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చెక్కి, ముక్కలు అతికించి రంగులేసేది. ఏటికొప్పాకది అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్క పట్టించేది. చన్నపట్న కర్ణాటకలో ఉంది. ఒకే గిలక్కాయ మూడు ఊళ్లదీ ఎలా అవుతుంది? గాజువాక, మధురవాడ సంగతీ అంతే, ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. దగ్గర్లో కొట్టు ఉందనిపించడానికి పెట్టిన పేర్లవి. పార్సిల్ మాత్రం వేరే రాష్ట్రం నుంచి వచ్చింది. బిజినెస్ ప్రొఫైల్‌లో అడ్రసు కూడా అమ్మేవాళ్లు సొంతంగా నింపుకునేదే, అదొక్కటే చూసి నమ్మలేం.

వివరణ చోట ‘బెస్ట్ క్వాలిటీ, డీఎం ఫర్ ప్రైస్’ అని తప్ప ఏమీ లేదు. అసలు చూడాల్సింది అక్కడే. కర్ర ఏది, రంగు లక్కదా పెయింటా, ఎన్ని అంగుళాలు, ధర ఒక్కదానికా సెట్టుకా అనేవి నిజంగా సరుకున్నవాళ్లు రాస్తారు. రాయకపోతే డబ్బు కట్టకముందే చాట్‌లో అడగండి. ఫోన్‌లో కాదు, రాతలోనే. జవాబు మీ దగ్గర ఉండిపోతుంది.

వచ్చిన గిలక్కాయ పెట్టె తెరవగానే పెయింటు వాసన కొట్టింది. లక్క బొమ్మకి ఆ వాసన ఉండదు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఒత్తితే ఆ వేడికి కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అందుకే రంగు కర్ర చుట్టూ సమంగా, వలయాలుగా ఉంటుంది. నాకొచ్చినదానికి అంచుల్లో రంగు బొట్లు కట్టి ఉంది, గోరుతో గీకితే పొరలా లేచింది. ఇంకో పరీక్ష కూడా ఉంది. దూదికి కాస్త స్పిరిట్ అద్ది బొమ్మ అడుగున రుద్దండి. లక్క అయితే జిగురుగా అయి రంగు దూదికి అంటుతుంది, ఎనామెల్ అయితే పెద్దగా కదలదు. అయితే ఇది లక్కా కాదా అని తేలుస్తుందే తప్ప ఏటికొప్పాకదేనని చెప్పదు. చన్నపట్న వాళ్లదీ లక్కే, కర్ర కూడా ఆ జాతి చెట్టుదే. లక్కలో కలిపిన రంగు ఆకులూ గింజలతో చేసిందో కాదో కూడా దీంతో తెలియదు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునేదానికి అదే ముఖ్యం కదా.

అన్నిటికన్నా చిరాకు తెప్పించింది తర్వాతి సంగతి. ఇది ఏటికొప్పాకది కాదని నేను రాయగానే కేటలాగ్‌లో పేరు మారిపోయింది! చాట్‌లో ఉన్న వస్తువు కార్డు నొక్కితే కొత్త పేరుతోనే తెరుచుకుంది, ‘మేం అలా ఎక్కడ రాశామండీ’ అన్నారు. కొనేముందు నేను తీసుకున్న స్క్రీన్‌షాట్ పంపాక సగం డబ్బు ఇస్తామన్నారు. మీరు కూడా పేరు, వివరణ, ధర, నంబరు ఒకే ఫొటోలో పడేలా తీసుకోండి. కార్ట్‌లో వేసి పంపినంత మాత్రాన అది డబ్బు కట్టినట్టూ కాదు, భరోసా ఉన్నట్టూ కాదు. యూపీఐలో పంపింది నేరుగా వాళ్ల ఖాతాలోకే పోతుంది. కేటలాగ్‌లో పెట్టిన వస్తువుని వాట్సాప్ పరిశీలిస్తుంది నిజమే, కానీ చూసేది అది నిషేధించిన సరుకా కాదా అని. ఆ గిలక్కాయ ఏ ఊరిదో వాళ్లు తేల్చరు.

ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే సరుకుకి ఆ పేరు తగిలించి అమ్మడం చట్టప్రకారం నేరం. ఈ మాట చాట్‌లో రాశాకే అవతలివాళ్ల గొంతు మారింది. సగం డబ్బుకి నేను ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, పార్సిల్ మీద పంపిన ఊరి పేరున్న లేబుల్ జతచేశాను. ఆ లేబుల్ చించి పారేయకండి, వైజాగ్ కొట్టు కాదనడానికి నా దగ్గరున్న రుజువు అదొక్కటే.