‘32’ అని రాసిన హాట్‌ఎండ్ కొన్నాను, 12 దగ్గరే చేతులెత్తేసింది: డబ్బులు పెట్టేముందు ఒక్కసారి చదవండి

త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్‌ని కరిగించే భాగమే హాట్‌ఎండ్. దాంట్లో ‘హై ఫ్లో’ రకం కొనాలని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇదే సరుకు పది పేర్లతో అమ్ముతున్నారు, పేరు చెప్పినా పెద్ద లాభం లేదు. వచ్చిన సరుకుని వాపసు గడువు దాటకముందే ఎలా పరీక్షించాలో తెలిస్తే చాలు. నాకు గడువు దాటాక తెలిసింది.

నా దగ్గర ఉన్నది మామూలు బెడ్ కదిలే ప్రింటర్, 0.4 నాజిల్. 2,800 రూపాయలకి ఆన్‌లైన్‌లో ఒక హాట్‌ఎండ్ తెప్పించాను. పేజీలో పెద్ద అక్షరాలతో సెకనుకు 32 ఘన మిల్లీమీటర్లు అని ఉంది. అంటే ఒక్క సెకనులో అంత ప్లాస్టిక్‌ని కరిగించి బయటికి తోయగలదని. నాజిల్ ఫొటోలో వెనకవైపు నుంచి మూడు దారులు కనిపిస్తున్నాయి. ఫిలమెంట్‌ని, అంటే లోపలికి వెళ్లే ముడి ప్లాస్టిక్ తీగని, మూడుగా చీల్చి లోపలిదాకా వేడి అందించే రకం అన్నమాట.

బిగించాక లెక్క వేసుకున్నాను. లేయర్ ఎత్తు 0.2, గీత వెడల్పు 0.45, స్పీడ్ సెకనుకు 250, అన్నీ మిల్లీమీటర్లలోనే. మూడింటినీ గుణిస్తే 22.5 వచ్చింది. 32 కంటే చాలా తక్కువే కదా అని ధైర్యంగా స్పీడ్ 100 నుంచి 250కి పెంచేశాను. అందరూ వేసే చిన్న పడవ బొమ్మ వేసి చూశాను. చక్కగా వచ్చింది. ఐదు స్టార్లు కూడా ఇచ్చేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

తర్వాత విజయవాడలో ఎలక్ట్రికల్ షాపు ఉన్న మా బావమరిదికి, వైరు చుట్టలు తగిలించుకోడానికి 40 బ్రాకెట్లు వేసిచ్చాను. ఒక్కోటి 140 మిల్లీమీటర్ల పొడవు, పీఎల్ఏ ప్లాస్టిక్. నాలుగో రోజు ఫోన్ చేశాడు: “బావా, ఇవి అప్పడాల్లా విరుగుతున్నాయేంటి?”

విరిగిన ముక్క తెప్పించుకుని లైటు కింద పెట్టి చూశాను. మూలల దగ్గర గోడలు గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. పొడుగ్గా సాగిన భాగంలో మాత్రం గోడ మసకబారి ఉంది, గీతకీ గీతకీ మధ్య సన్నని సందులు, వేలితో నొక్కితే లేయర్లు విడిపోతున్నాయి. ఒకే బ్రాకెట్టులో రెండు ప్రింటర్లు పనిచేసినట్టుంది. ఇక్కడే నాకు విషయం అర్థమైంది. నా యాక్సిలరేషన్ 3000. ఆ లెక్కన ఆగిన చోటు నుంచి 250 స్పీడుకి చేరడానికి పది మిల్లీమీటర్లకి పైగా కావాలి, మళ్లీ తగ్గడానికి ఇంకో పది. పడవ బొమ్మలో అంత పొడుగు గీతలు తక్కువ. పైగా చిన్న వస్తువుల్లో లేయరు చల్లారాలని డిజైన్‌ని ప్రింటర్ కమాండ్లుగా మార్చే స్లైసర్ సాఫ్ట్‌వేరే స్పీడ్ తగ్గించేస్తుంది. అంటే ఆ పడవ నా హాట్‌ఎండ్‌ని అసలు పరీక్షించనే లేదు. 140 మిల్లీమీటర్ల గోడ మీదే నిజంగా 250కి చేరింది, అక్కడే ప్లాస్టిక్ అందలేదు.

టెంపరేచర్ ఎక్కడా పడిపోలేదు, స్క్రీన్ మీద 210 అంటే 210 నిలకడగా ఉంది. అందుకే అనుమానం రాలేదు. థర్మిస్టర్ చూసేది అల్యూమినియం బ్లాకు వేడిని, ఫిలమెంట్ నడిబొడ్డు వేడిని కాదు. ప్లాస్టిక్‌లోకి వేడి నెమ్మదిగా పాకుతుంది. ఫిలమెంట్ వేగంగా దూసుకుపోతే పైపొర కరుగుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. అలాంటిది నాజిల్ రంధ్రం దగ్గర అడ్డం పడితే ఫిలమెంట్‌ని లోపలికి నెట్టే ఎక్స్‌ట్రూడర్ గేరు తోయలేక జారుతుంది, లేదా మోటారు టక్‌టక్‌మని వెనక్కి తంతుంది. కాస్త తక్కువ మోతాదులో జరిగితే చప్పుడు కూడా ఉండదు, ప్లాస్టిక్ తక్కువ పడుతుంది అంతే.

ఇక పరీక్ష సంగతి. కావలసింది 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా. బంగారం తూచే జేబు కాటాలు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. నాజిల్‌ని బెడ్ మీద నుంచి ఓ పది సెంటీమీటర్లు పైకి లేపి, వేడి చేసి, గాల్లోకి 400 మిల్లీమీటర్ల ఫిలమెంట్ తోయించి, పడిన చుట్టని తూచాలి. ఒక్కోసారి స్పీడ్ పెంచుతూ అదే మళ్లీ మళ్లీ చేయాలి.

1.75 ఫిలమెంటుకి నోటి లెక్క ఒకటుంది. దాని అడ్డకోత 2.4 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి, మీకు కావలసిన ఫ్లోని 25తో గుణిస్తే కమాండులో రాయాల్సిన స్పీడ్, అంటే ఎఫ్ విలువ వచ్చేస్తుంది. 10కి 250, 12కి 300, 16కి 400. ఇది 10 ఫ్లోకి:

```
M83
M109 S210
G1 E100 F250
G1 E100 F250
G1 E100 F250
G1 E100 F250
```

క్లిప్పర్ ఫర్మ్‌వేర్ వాడేవాళ్లకి ఇది ఎర్రర్ ఇవ్వొచ్చు, మామూలుగా అది ఒక్క కదలికలో 50 కంటే ఎక్కువ తోయనివ్వదు. `E50` అని ఎనిమిది వరుసలు రాసుకోండి. ఫర్మ్‌వేర్‌లో ఎక్స్‌ట్రూడర్ స్పీడుకి ఒక పరిమితి ఉంటుంది, అది తక్కువగా ఉంటే మీరు ఎంత అడిగినా నిశ్శబ్దంగా అక్కడే ఆగుతుంది. అప్పుడు హాట్‌ఎండ్ గొప్పదని మోసపోతారు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. 10 ఫ్లోలో 400 మిల్లీమీటర్లకి 96 సెకన్లు పట్టాలి, 16లో 60.

400 ఎందుకు, 20 చాలదా అని అడగొచ్చు. చాలదు. అసలు మోసమంతా అక్కడే ఉంది. హాట్‌ఎండ్ ఖాళీగా కూర్చున్నప్పుడు కరిగే భాగంలో ఉన్న ప్లాస్టిక్ అప్పటికే బాగా కరిగి సిద్ధంగా ఉంటుంది. మొదటి పది, పదిహేను మిల్లీమీటర్లు ఏ స్పీడులో తోసినా జారుకుంటూ వచ్చేస్తాయి. ఆ పేజీలో పెట్టిన వీడియో మళ్లీ చూశాను. రెండు సెకన్ల పాటు తోసి, తీగ సాఫీగా వస్తోంది చూడండి అని ఆపేశారు.

పీఎల్ఏ, 210 డిగ్రీల దగ్గర నాకొచ్చిన అంకెలు ఇవి. ఫ్లో 5లో చుట్ట బరువు 1.19 గ్రాములు. దీన్నే ప్రమాణంగా పెట్టుకున్నాను, ఎందుకంటే ఇంత నెమ్మదిలో ఏ హాట్‌ఎండైనా కరిగిస్తుంది, ఎక్స్‌ట్రూడర్ స్టెప్పుల్లో చిన్న తేడా ఉన్నా అన్ని చుట్టల్లోనూ ఒకేలా ఉంటుంది. 8లో 1.19. 10లో 1.17. 12లో 1.14, అంటే వంద పాళ్లలో నాలుగు తగ్గింది. 14లో 1.07, మోటారు మొదటిసారి టక్‌మంది, తీగ మెరుపు పోయి గరుకుగా వచ్చింది. 16లో 0.93. అడిగినదాంట్లో ఐదో వంతు పైగా మాయం. అక్కడితో ఆపేశాను. ఫిలమెంట్ బయటికి లాగి చూస్తే, గేరు పళ్లు ఒకచోట ఎలుక కొరికినట్టు అర్ధచంద్రాకారంలో చెక్కేశాయి. ఇక 22.5 అడిగితే ఆ గోడలు అలా రాకుండా ఎలా వస్తాయి!

గాల్లో 12 వచ్చిందని ప్రింటులో 12 పెట్టకూడదు. ప్రింటు చేసేటప్పుడు నాజిల్ మూతిని కింది లేయరు అడ్డుకుంటుంది, ఆ ఒత్తిడి గాల్లో ఉండదు. నేను 10 పెట్టాను. ఓర్కా లాంటి స్లైసర్‌లో ఫిలమెంట్ సెట్టింగుల కింద `Max volumetric speed` అని ఉంటుంది, ఆ గడిలో వేయాలి. అప్పుడు మీరు స్పీడ్ 250 అని రాసినా, 0.2 లేయరు, 0.45 వెడల్పు దగ్గర స్లైసరే దాదాపు 110కి దించుతుంది. కాటా లేనివాళ్లు ఓర్కా స్లైసర్‌లో క్యాలిబ్రేషన్ మెనూలో ఉన్న ఫ్లో పరీక్ష వేసుకోవచ్చు. పైకి పోయేకొద్దీ ఫ్లో పెరిగే ఒక గోడ ప్రింటవుతుంది, ఎన్నో మిల్లీమీటరు ఎత్తులో గోడ చిరగడం మొదలైందో కొలిచి, దాన్ని స్టెప్పుతో గుణించి, మొదలుపెట్టిన విలువకి కలపాలి. 5తో మొదలై స్టెప్పు 0.5 అయితే, 13 మిల్లీమీటర్ల దగ్గర చిరిగితే 11.5. నాకు అటూఇటూగా అదే వచ్చింది. కాకపోతే చిరగడం ఎక్కడ మొదలైందన్నది కంటి అంచనా. నాకు కాటా మీదే నమ్మకం.

అమ్మినవాళ్లకి ఈ అంకెలన్నీ పంపాను. “టెంపరేచర్ 15 పెంచండి సార్” అని జవాబొచ్చింది. సరే, అదీ చేశాను. 225 దగ్గర 12లో 1.18, 14లో 1.13. అంటే ఫ్లోలో లాభం రెండంటే రెండు. దానికి బదులుగా బ్రాకెట్టు వంపు కింద ప్లాస్టిక్ వేలాడింది, సాలెగూడు దారాలు మొదలయ్యాయి. ఆ 32 ఏ ప్లాస్టిక్‌తో, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంత నాజిల్‌తో కొలిచారని మూడుసార్లు అడిగాను. జవాబు లేదు. ఈ మూడూ లేకుండా ఫ్లో అంకె రాసిన పేజీలో ఆ అంకెని పట్టించుకోకండి. లావు నాజిల్ పెట్టి, ఏబీఎస్‌ని 260 దగ్గర తోసి వచ్చిన అంకె మీ పీఎల్ఏకి పనికిరాదు. ఆ మాటకొస్తే నా 10 కూడా నా రీలుకే. అదే ప్రింటర్ మీద పీఈటీజీ వేయాలంటే మళ్లీ కొలవాల్సిందే.

చివరికి నాజిల్ విప్పి వెనకవైపు నుంచి టార్చి వేసి చూశాను. మూడు దారులు లేవు. మామూలు నాజిల్ లాగే నేరుగా ఒకే రంధ్రం. పార్శిల్ విప్పిన రోజునే చేయాల్సిన పని, అరనిమిషం పట్టదు. ఏడు రోజుల వాపసు గడువు, నేను చూసింది పదకొండో రోజు. ఫొటో పంపితే “చిత్రాలు అవగాహన కోసం మాత్రమే” అన్నారు.

బావమరిదికి 40 బ్రాకెట్లూ మళ్లీ వేసిచ్చాను, ఫ్లో 10 దగ్గర. ముందు ఒక్కోదానికి 40 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 52. నా ఐదు స్టార్లు ఒకటికి మార్చి, ఆ రంధ్రం ఫొటో కింద పెట్టాను. పేజీలో 32 ఇంకా అలాగే ఉంది.