హైదరాబాద్‌లో నాలుగు నెలలు: అమెరికా నంబరుకు ఓటీపీ ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు

నాన్న మోకాలి ఆపరేషన్ కోసం నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఉండి వచ్చాను. మా ఇంటి లోను, క్రెడిట్ కార్డు, బ్యాంకు అన్నీ అమెరికా నంబరుకే కోడ్ పంపుతాయి. ఇండియా నంబరు ఇద్దామంటే మా బ్యాంకు ఫారమ్ తీసుకోదు. అందుకే ఆ సిమ్‌ను ఫోన్లోనే ఉంచి, పక్కన ఇండియా సిమ్ వేసుకున్నాను.

టవర్ బదులు వైఫై మీదుగా కాల్స్, మెసేజ్‌లు నడిపే వైఫై కాలింగ్‌ను బయలుదేరే ముందే ఆన్ చేసుకున్నాను. ఆన్ చేసేటప్పుడు ఎమర్జెన్సీ అడ్రస్ అడుగుతుంది. అది అమెరికాలో ఉండగానే పూర్తి చేసుకోవడం మంచిది. అమెరికా లైన్‌కు డేటా రోమింగ్ ఆపేశాను.

మొదటి నెలన్నర మల్కాజిగిరిలో, మా ఇంట్లోనే. ఫైబర్ కనెక్షన్ ఉంది. ఫోన్లో పైనుంచి కిందికి లాగితే రెండు సిమ్‌ల పేర్లూ కనిపిస్తాయి. అమెరికా కంపెనీ పేరు పక్కన Wi-Fi అని ఉంటే పని అయినట్టే. ఆ మాట ఉన్నన్నాళ్లూ కోడ్ నొక్కిన వెంటనే వచ్చింది. రాత్రి పదకొండింటికి బ్యాంకుకు ఫోన్ చేసి నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉన్నా పైసా పడలేదు, అది అమెరికాలో లోకల్ కాల్ కిందే లెక్క. కానీ అదే లైన్ నుంచి పక్కవీధిలోని మేనత్తకు చేస్తే ఇంటర్నేషనల్ కాల్ అవుతుంది. కాల్స్‌కు ఇండియా సిమ్‌నే డిఫాల్ట్ పెట్టుకోవాలి.

కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. అప్పుడు అమెరికా సిమ్ దానంతటదే ఇండియా నెట్‌వర్క్‌లో రోమింగ్‌కు పోతుంది. నా ప్లాన్‌లో వచ్చే మెసేజ్‌కు డబ్బు లేదు, కాల్‌కు మాత్రం నిమిషానికింత. కాబట్టి మెసేజ్‌కు బదులు ఫోన్ చేసి కోడ్ చెప్పమని ఆ సమయంలో నొక్కకూడదు. అందుకే రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించాను.

ఆపరేషన్ తర్వాత ఆస్పత్రికి దగ్గరని కొండాపూర్‌లో మూడు వారాలకు సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, లిఫ్ట్ పెద్దది, వీల్‌చెయిర్ సులువుగా పట్టింది. వైఫై వేగం మా ఇంటికన్నా ఎక్కువ. అయినా కంపెనీ పేరు పక్కన ఆ Wi-Fi అనే మాట రాలేదు.

లోను కిస్తీకి ఆఖరి రోజున లాగిన్ అయి కోడ్ అడిగాను. రాలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ రాలేదు. మా ఆయన అమెరికా నుంచి పంపిన మామూలు మెసేజ్ మాత్రం వచ్చింది! అంటే సిమ్ రోమింగ్‌లో బతికే ఉంది. బ్యాంకులు పంపేది షార్ట్ కోడ్ అనే అయిదారు అంకెల చిన్న నంబరు నుంచి. అలాంటివి రోమింగ్‌లో కొన్నిసార్లు అందవు. మనుషుల మెసేజ్ వస్తూ బ్యాంకుది రాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తమ్ముడు తన ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, "అక్కా, దీనికి కలిపి చూడు" అన్నాడు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే మళ్లీ ఆన్ చేశాను. అర నిమిషంలో Wi-Fi అనే మాట వచ్చింది. వెంటనే రెండు కోడ్‌లు వరసగా పడ్డాయి, అంతసేపూ సర్వర్‌లో ఆగి ఉన్నవి. కంగారులో మొదటిది కొట్టాను, తప్పన్నది. కొత్త కోడ్ అడిగితే పాతవి చెల్లవు. ఇంకో రెండుసార్లు తప్పు కొట్టి ఉంటే ఖాతా లాక్ అయ్యేది. కాసేపు ఆగి, కొత్తది ఒకటే అడిగి, అదే కొట్టి కిస్తీ కట్టాను.

కారణం తర్వాత తమ్ముడే చెప్పాడు. వైఫై కాలింగ్ అంటే ఫోన్‌కూ కంపెనీకీ మధ్య ఇంటర్నెట్ మీదుగా వెళ్లే, ఇతరులు చదవలేని దారి. అది `UDP 500`, `UDP 4500` అనే పోర్టుల్లో, అంటే డేటా వెళ్లే తలుపుల్లాంటి వాటిలో నడుస్తుంది. కొన్ని లాడ్జీల, ఆఫీసుల రౌటర్లు వాటిని మూసేస్తాయి. వీడియోలు ఆడతాయి, ఇది మాత్రం లేవదు. మేనేజర్‌ను అడిగితే నెట్ చూసే అబ్బాయి నంబరు ఇచ్చాడు, ఆ అబ్బాయి తన చేతిలో లేదన్నాడు. మిగిలిన రోజులూ హాట్‌స్పాట్‌తోనే గడిపాను. దానికి పెద్ద డేటా ఏమీ ఖర్చు కాలేదు.

గూగుల్ వాయిస్ నంబరు పెట్టుకోమని చాలామంది చెప్తారు. అది ఇంటర్నెట్ నంబరని చాలా బ్యాంకులు ఒప్పుకోవు, నేను దాని మీద ఆధారపడలేదు. ఆథెంటికేటర్ యాప్‌కు వీలున్న రెండు ఖాతాలను మాత్రం ముందే దానికి మార్చాను. ఆ కోడ్ ఫోన్లోనే పుడుతుంది, సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. ఆ రెండింటితో నాలుగు నెలల్లో ఒక్క ఇబ్బందీ రాలేదు.

చివరి నెలకు గది మార్చాల్సి వచ్చినప్పుడు అడ్వాన్స్ ఇవ్వకముందే వైఫై పాస్‌వర్డ్ అడిగాను. ఏరోప్లేన్ మోడ్ పెట్టి రెండు నిమిషాలు చూశాను. మాదాపూర్‌లో చూసిన మొదటి చోట ఆ మాట రాలేదు, రెండో చోట వచ్చింది. అద్దె కాస్త ఎక్కువైనా రెండోదే తీసుకున్నాం.