పాత వారాల లెక్కతో డెలివరీ తేదీ: చాలాకాలం వాడాక నా మాట

బరంపురంలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్. గంజాం జిల్లాలో, ఇటు ఇచ్ఛాపురంలో బట్టల హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్, స్టాక్ ప్రోగ్రామ్‌లు చేసిపెడతాం. పని ఎప్పటికవుతుందన్నది గూగుల్ షీట్‌లో మాంటే కార్లో పద్ధతిలో లెక్కేయడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఇప్పటికీ మానలేదు. కానీ గుడ్డిగా నమ్మితే మాత్రం ఇబ్బందే.

దీనికి కావలసిన సమాచారం చాలా తక్కువ. చేయాల్సిన ఒక్కో చిన్న పనికి ఒక్కో కార్డు రాసుకుంటాం, ఏ వారం ఎన్ని కార్డులు పూర్తయ్యాయో తెలిస్తే చాలు. ఏ కార్డుకు ఎన్ని గంటలు పడుతుందో కూర్చుని ఊహించక్కర్లేదు. ఉదాహరణకు గత 10 వారాల్లో వరుసగా 3, 5, 2, 0, 6, 4, 3, 1, 4, 5 కార్డులు అయ్యాయనుకోండి. ఇంకా 30 మిగిలాయి. సగటు వారానికి 3.3 కాబట్టి 30ని దానితో భాగించి 'తొమ్మిది వారాల చిల్లర' అనేస్తారు చాలామంది. ఆ తేదీకి పని అయ్యే అవకాశం ఇంచుమించు సగమే.

షీటు చేసేది వేరు. ఆ పది అంకెలూ చీటీల మీద రాసి డబ్బాలో వేసినట్టు అనుకోండి. ఒకటి తీసి, చూసి, మళ్లీ డబ్బాలోనే వేసి, ఇంకోటి తీస్తూ మొత్తం 30కి చేరేదాకా కూడుకుంటూ పోవాలి. ఎన్ని చీటీలు తీశామో అన్ని వారాలు. ఇదే వెయ్యిసార్లు చేయాలి. అంకెలు B2 నుంచి B11 దాకా ఉంటే సూత్రాలు ఇవి:

```
D2: =INDEX($B$2:$B$11,RANDBETWEEN(1,10))
E2: =D2+INDEX($B$2:$B$11,RANDBETWEEN(1,10))
X2: =COUNTIF(D2:W2,"<30")+1
Z2: =PERCENTILE(X2:X1001,0.85)
```

E2ని W దాకా పక్కకు లాగి, D2 నుంచి X2 దాకా ఉన్న వరసను 1001 దాకా కిందికి లాగాలి. పై అంకెలతో 9 వారాల్లో పూర్తయ్యేది నూటికి 50 పైచిలుకుసార్లు, 10 వారాల్లో 73 దాకా, 11 వారాల్లో 87 దాకా, 12 వారాల్లో 95 దాకా వస్తుంది. షీట్‌లో ఏది మార్చినా RANDBETWEEN మళ్లీ లెక్కేస్తుంది కాబట్టి అంకెలు కొంచెం కదులుతాయి, కంగారు పడనక్కర్లేదు. వ్యాపారికి నేను రెండు తేదీలు చెబుతాను: మొదటిది సగం అవకాశమున్న 9 వారాలది, రెండోది 85 శాతం అవకాశమున్న 11 వారాలది.

ఇక్కడే గొడవ. ఇచ్ఛాపురం షావుకారు ఒకాయన మొదట్లో వినేవారే కాదు: "ఏటి బాబూ, రెండు తేదీలేటి? ఒక్కటి చెప్పు." ఒక్కటే కావాలంటే 11 వారాలదే చెబుతాను. ముందుగా అయితే ఆయనకు సంతోషమే.

ఎక్కువమంది తడబడేది సున్నా వారం దగ్గర. టీమ్‌లో ఎవరో ఒకరు "ఆ వారం సర్వర్ పాడైంది గదా సార్, దాన్ని తీసేద్దాం" అంటారు. తీసేసి చూడండి, 85 శాతం తేదీ 11 వారాల నుంచి 10కి దిగిపోతుంది. పని మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. సర్వర్ మళ్లీ పాడవదని ఎవరైనా రాసిస్తారా? అందుకే ఆ సున్నాను నేను ముట్టుకోనివ్వను.

ఇంకా పెద్ద దెబ్బ పని పెరగడం వల్ల తగులుతుంది. బిల్లులో జీఎస్టీ మార్పు అని ఒకే కార్డు రాస్తాం, చేతిలోకి తీసుకున్నాక అది మూడవుతుంది. 30 కాస్తా 36 అయితే 85 శాతం తేదీ 13 వారాలకు జరుగుతుంది. పాత పనుల్లో మొదట రాసిన కార్డులెన్ని, చివరికి తేలినవెన్ని అని చూసుకుని, అదే నిష్పత్తిలో 30ని ముందే పెంచి వేయడం మంచిది. సూత్రాల కంటే నాకు అక్కరకొచ్చింది ఈ అలవాటే.

డబ్బాలో లేని చీటీ ఎప్పటికీ రాదు. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, దాదాపు నెల సాగుతుంది, ఆ రోజుల్లో ఊళ్లో పని నడవదు. యాత్ర లేని వారాల అంకెలకు ఆ సంగతి తెలియదు. అలా ముందే తెలిసిన వారాలను క్యాలెండర్‌లోంచి తీసేసి, షీటు ఇచ్చిన వారాలను మిగతావాటి మీద లెక్కపెడతాను. తుపాను అలా కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటిదొస్తే ఒక్క వారంతో పోదు, వరసగా వారాలు పోతాయి. షీటేమో ప్రతి చీటీనీ విడిగా తీస్తుంది కాబట్టి చెడ్డ వారాలు గుంపుగా వస్తాయని దానికి తట్టదు, తేదీల మధ్య ఎడం ఉండాల్సినదానికన్నా తక్కువ చూపిస్తుంది. అక్టోబరు, నవంబరు డెలివరీలకు నేను 95 శాతం తేదీనే చెబుతాను.

షీటు సరిగ్గా చెబుతోందా లేదా అన్నది పాత పనుల మీదే తేల్చుకోవచ్చు. అయిపోయిన పనిని తీసుకుని, మధ్యలో ఏదో వారం దగ్గర ఆగి, అప్పటిదాకా ఉన్న అంకెలతోనే లెక్కేసి, అసలు తేదీతో పోల్చాలి. చాలా పనులు 85 శాతం తేదీ దాటిపోతుంటే, కార్డులు పెరగడాన్ని వదిలేశారనో, టీమ్ మారినా పాత వారాలను లాక్కొస్తున్నారనో అర్థం. అనుభవమున్న మనిషి మానేశాక అంతకుముందు వారాలను నేను తీసేస్తాను. కొత్తరకం పని మొదలైనప్పుడు కనీసం అయిదారు వారాల అంకెలు చేతికొచ్చేదాకా ఈ షీటు తెరవను, షావుకారు ఎంత తొందరపెట్టినా సరే.