రిమ్ లైట్: క్యారెక్టర్‌కి ఏ ఫ్రెనెల్, గాజుకి ఏ ఫ్రెనెల్?

"రిమ్‌కి పవర్ 3 పెట్టాలా, 5 పెట్టాలా?" షేడర్లు నేర్చుకునేవాళ్ల దగ్గర నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇదే. నిజానికి తేల్చుకోవాల్సింది ఆ అంకె గురించి కాదు. అంచు మెరుపు ఎంత వెడల్పుండాలో ఎవరు నిర్ణయించాలన్నదే అసలు సంగతి. ఫార్ములా అయితే తెలిసిందే: `pow(1 - N·V, p)`. N అంటే ఉపరితలం నార్మల్, V కెమెరా వైపు దిశ, p ఆ పవర్ అంకె. యూనిటీ షేడర్ గ్రాఫ్‌లోని `Fresnel Effect` నోడ్ చేసేదీ ఇదే. నార్మల్ కెమెరా వైపు తిరిగి ఉంటే `N·V` 1 అవుతుంది, మెరుపు సున్నా. పక్కకి వాలేకొద్దీ `N·V` తగ్గుతుంది, మెరుపు పెరుగుతుంది.

ఇప్పుడు తెర మీద 200 పిక్సెళ్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి తలకాయ ఒకటి ఉందనుకోండి. p=1 పెడితే, మెరుపు సగానికి తగ్గే చోటు అంచుకి 27 పిక్సెళ్ల లోపల పడుతుంది. p=2 అయితే 9 పిక్సెళ్లు, p=3 అయితే 4, p=5 అయితే 2 కూడా ఉండదు. గోళం అంచు దగ్గర నార్మల్ గబుక్కున తిరిగిపోతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. అంటే p=5 దగ్గర మీకు కనిపించేది రిమ్ కాదు, వెంట్రుకంత గీత. అది కనబడటం లేదని ఇంటెన్సిటీని 8కో 10కో పెంచుతారు, బ్లూమ్ దాన్ని చెదరగొడుతుంది, అప్పుడు క్యారెక్టర్ చుట్టూ పొగలాంటిది చేరుతుంది. పొగ కనిపిస్తే బ్లూమ్‌ని తిట్టుకునే ముందు పవర్ తగ్గించి చూడండి.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. అదే మెటీరియల్ అదే క్యారెక్టర్ వేలి మీద కూడా ఉంటుంది. వేలి వ్యాసార్థం 12 పిక్సెళ్లయితే, p=3 దగ్గర రిమ్ పావు పిక్సెల్ వస్తుంది, అంటే రానట్టే. ఫ్రెనెల్ రిమ్ వెడల్పు ఎప్పుడూ ఉపరితలం వంపు వ్యాసార్థానికి అనుపాతంలోనే ఉంటుంది. బుగ్గ మీద లావుగా, వేలి మీద మాయంగా, కవచం లాంటి చదును పలక మీద మరీ అన్యాయంగా. పలకంతటా నార్మల్ ఒకటే కాబట్టి అది కాస్త వాలగానే మొత్తం పలక ఒక్కసారిగా వెలిగిపోతుంది. కెమెరా తిరుగుతుంటే పలకలు లైటు వేసి ఆర్పినట్టు మెరుస్తుంటే కారణం ఇదే. దీన్ని పవర్ అంకె సరిచేయలేదు.

స్టైలైజ్డ్ క్యారెక్టర్‌కి నా మొగ్గు `smoothstep` వైపు. మసక మసకగా తగ్గే మెరుపు కాకుండా గీత గీసినట్టు తెగే అంచు కావాలి కదా.

```hlsl
float f = 1.0 - saturate(dot(N, V));
float rim = smoothstep(0.65, 0.70, f);
rim *= saturate(N.y);
```

ఇదే 200 పిక్సెళ్ల తల మీద ఈ గీత దాదాపు 11 పిక్సెళ్లు వస్తుంది. రెండు అంకెల మధ్య దూరం గీత మెత్తదనం, వాటి స్థానం గీత వెడల్పు. పవర్‌తో ఈ రెంటినీ విడదీయలేం, ఒకటి మారిస్తే రెండోది కూడా మారుతుంది. మొదటి అంకెని 0.45కి తగ్గిస్తే లోపలి అంచు మెత్తబడుతుంది. రెండూ ఒకటే చేస్తే మాత్రం `smoothstep` సున్నాతో భాగిస్తుంది, మధ్యలో కనీసం 0.02 ఉంచండి. వంపు సమస్య ఇక్కడా పోదు, కానీ వేళ్లకీ చెవులకీ వెర్టెక్స్ కలర్ ఒక చానెల్‌లో చిన్న విలువ పెయింట్ చేసి హద్దుల్లోంచి తీసేస్తే అక్కడ గీత వెడల్పవుతుంది. చదును పలకల మీద ఇంకో చానెల్‌తో గుణించి రిమ్ ఆపేయొచ్చు.

మూడో వరుస చిన్నదే గానీ దాన్ని వదిలేయకండి. మాస్క్ లేకపోతే క్యారెక్టర్ చుట్టూతా, అరికాళ్ల కింద కూడా మెరుస్తుంది, స్టిక్కర్ అతికించినట్టుంటుంది. టీమ్ ఫోర్ట్రెస్ 2 షేడింగ్ గురించి వాల్వ్ వాళ్లు 2007లో ప్రచురించిన పేపర్‌లో ఉన్నది కూడా ఇదే ఉపాయం: `(1 - n·v)^4`ని నార్మల్ పైకి ఎంత తిరిగిందన్న దానితో గుణిస్తారు. అందువల్ల వెలుగు పై నుంచి పడినట్టు భుజాల మీదా తల మీదా నిలుస్తుంది. సూర్యుడు ఒక పక్కనుంటే `N.y` బదులు లైట్ దిశ వాడండి. ఇంకో మాట, రిమ్‌కి నార్మల్ మ్యాప్ కలపని మెష్ నార్మల్ ఇవ్వండి. గుడ్డ ముడతల నార్మల్ మ్యాప్ ఇస్తే గీత ముక్కలు ముక్కలవుతుంది.

ఫ్రెనెల్ వాడకుండా డెప్త్ టెక్స్చర్‌తో చేసే రిమ్ కూడా ఉంది. నార్మల్ దిశలో కొన్ని పిక్సెళ్లు పక్కకి జరిగి అక్కడి లోతు చూస్తుంది, తేడా ఎక్కువైతే అది అంచు. తలకీ వేలికీ ఒకే వెడల్పు వస్తుంది, పలకలు వెలిగిపోవు. రోబోల్లాంటి పలకల క్యారెక్టర్లకి ఇదే మేలు. అయితే దూరంతో పాటు జరిగే పిక్సెళ్లు తగ్గించకపోతే దూరపు క్యారెక్టర్ మొత్తం తెల్లబడుతుంది. డెప్త్ రాయని ట్రాన్స్‌పరెంట్ వస్తువులకి ఇది పనికిరాదు, కాబట్టి గాజు విషయంలో దీని ఊసే వద్దు.

గాజు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ వెడల్పు ఆర్టిస్టు చేతిలో ఉండకూడదు, భౌతికశాస్త్రానికి వదిలేయాలి. 1994 నాటి ష్లిక్ సూత్రం చాలు:

```hlsl
float F = 0.04 + 0.96 * pow(1.0 - saturate(dot(N, V)), 5.0);
```

0.04 ఊరికే పెట్టిన అంకె కాదు, గాజు నుంచే వచ్చింది: వక్రీభవన గుణకం 1.5కి, ఎదురుగా చూసినప్పుడు వెనక్కి వచ్చే వెలుతురు 4 శాతం. ఒక గాజు గ్లాసు తీసుకుంటే, 45 డిగ్రీల దాకా ఈ 4 శాతం దాదాపు కదలదు. 60 దగ్గర 7, 75 దగ్గర 25, 85 దగ్గర 65 శాతం. క్యారెక్టర్‌కి వాడిన p=3ని ఇక్కడ పెడితే ఎదురుగా సున్నా, 75 దగ్గర 41 శాతం. గ్లాసు మధ్యలో ప్రతిబింబమే ఉండదు, పక్కలేమో పాలు పూసినట్టు మందంగా కనిపిస్తాయి. గాజు "సబ్బు బుడగలా" ఉందని అనిపిస్తే ముందు 0.04 ఉందో లేదో చూడండి.

ఈ `F`తో ఏం గుణిస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. రంగుని గుణించి ఎమిషన్‌లో వేస్తే చీకటి గదిలో కూడా గ్లాసు నియాన్ లైటులా వెలుగుతుంది. గుణించాల్సింది రిఫ్లెక్షన్ ప్రోబ్ నుంచి వచ్చే ప్రతిబింబాన్ని, అల్ఫా కూడా `F`నే. బ్లెండ్ మాత్రం `Blend One OneMinusSrcAlpha`. మామూలు అల్ఫా బ్లెండ్ పెడితే ప్రతిబింబం `F`తో రెండోసారి గుణింపబడుతుంది, 4 శాతం కాస్తా 0.16 శాతం అయి మెరుపు చచ్చిపోతుంది.

గ్లాసు లోపలి గోడలు కూడా చూపించాలంటే కల్లింగ్ ఆపుతారు. అప్పుడు వెనక ముఖాల నార్మల్ కెమెరాకి అవతలి వైపుంటుంది, `dot` రుణాత్మకం అవుతుంది, `saturate` దాన్ని సున్నా చేస్తుంది, `F` పూర్తి 1కి చేరుతుంది. గ్లాసు లోపలంతా అద్దంలా మారితే తప్పు ఇదే. `SV_IsFrontFace` చూసి వెనక ముఖాలకి నార్మల్‌ని తిప్పండి. ఆ పైన ముందు `Cull Front`, తర్వాత `Cull Back` అని రెండు పాస్‌లు వేస్తే లోపలి గోడ బయటి గోడ మీదికి ఎక్కి కూర్చోదు.