నెలసరి ఆలస్యమయ్యేవారికి ఏది మేలు: 21వ రోజు రక్త పరీక్షా, ఇంటి చార్టా?

అండం విడుదలైందో లేదో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నెలసరి మొదలైన 21వ రోజున రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఎంతుందో చూడటం. రెండోది, రోజూ పొద్దున్నే ఒంటి వేడి చూసి చార్టులో గుర్తుపెట్టుకోవడం, అండం విడుదలయ్యాక ఆ వేడి కొద్దిగా పెరుగుతుంది. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారికి మొదటిదే సులువు. బాగా ఆలస్యమయ్యేవారిని మాత్రం ఆ 21వ రోజు లెక్కే తప్పుదారి పట్టిస్తుంది.

ఆలస్యం ఎక్కువగా జరిగేది మొదటి సగంలోనే. అప్పుడు అండంతోపాటు ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోను పెరుగుతుంది. ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు 1 నానోగ్రాము లోపే ఉంటుంది. ఈస్ట్రోజెన్ బాగా పెరిగాక అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను ఒక్కసారిగా ఎగసి, ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. అక్కడినుంచి నెలసరికి చాలామందిలో 12 నుంచి 14 రోజులే. ప్రొజెస్టిరాన్ బాగా పెరిగి ఉండేది విడుదలైన వారానికి.

హన్మకొండలో ఒకామెకు 37 రోజులకోసారి నెలసరి వస్తుందనుకుందాం. 21వ రోజు రిపోర్టులో ప్రొజెస్టిరాన్ 0.6 వచ్చింది. అది చూసి అండం విడుదల కావడం లేదనుకుంటే పొరపాటే, ఆమెకు విడుదలయ్యేదే దాదాపు 23వ రోజున. చార్టు పెడితే, 97.2, 97.4 ఫారన్‌హీట్ మధ్య తిరిగిన వేడి 24వ రోజు నుంచి 97.9కి ఎక్కి అక్కడే నిలుస్తుంది. ముందరి ఆరు రోజులకన్నా వరుసగా మూడు రోజులు ఎక్కువుంటేనే పెరిగినట్టు లెక్క. కాబట్టి ఆ మాట తేలేది 26వ రోజున. ఇక రక్తం ఇవ్వాల్సింది 30వ రోజున. అప్పుడు 3 దాటితే అండం విడుదలైనట్టే.

చార్టుకూ ఇబ్బందులున్నాయి. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే వేళకు చూడాలి. జ్వరం, రాత్రి డ్యూటీ, పసిపిల్లతో తెగిన నిద్ర అంకెల్ని చెడగొడతాయి. మన ఎండాకాలంలో ఒకరాత్రి డాబా మీద, ఒకరాత్రి కూలర్ ముందు పడుకున్నా గీత అటూ ఇటూ ఊగవచ్చు. ఆ రోజుల పక్కన కారణం రాయాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఈ చార్టుతో పని లేదు.

మూత్రంతో ఇంట్లోనే చూసుకునే ఎల్‌హెచ్ స్ట్రిప్పులు ముందే కబురిస్తాయి గానీ, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవారిలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువుండి ఊరికే పాజిటివ్ చూపించవచ్చు.

అందుకే 35 రోజులు దాటేవారికి ముందు చార్టు, దాన్నిబట్టి రక్త పరీక్ష మేలని మా అభిప్రాయం. రెండు మూడు నెలలు గీత పైకెక్కకపోతే ఆ చార్టుతోనే డాక్టరును కలవాలి. పీసీఓఎస్, థైరాయిడ్, పాలు పట్టించే హార్మోను ప్రొలాక్టిన్ పెరగడం ముందుగా చూస్తారు. 40 ఏళ్లలోపే అండాన్ని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను మళ్లీ మళ్లీ ఎక్కువొస్తే అండాశయం ముందే అలసిపోతోందేమో చూడాలి. 90 రోజులు నెలసరి రాకపోతే మాత్రం చార్టు కోసం ఆగకూడదు, మొదట గర్భ పరీక్ష, వెంటనే డాక్టరు.