కార్ట్‌పోల్ మీద డీక్యూఎన్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

జిమ్నేజియం అనే పైథాన్ లైబ్రరీలోని `CartPole-v1` ఆట మీద డీక్యూఎన్‌ను, అంటే ఏ కదలిక ఎంత మేలో న్యూరల్ నెట్‌వర్క్ ఆడుతూ నేర్చుకునే పద్ధతిని, చాలాకాలంగా నడుపుతున్నాను. పైటార్చ్‌లో రాసుకున్న చిన్న ప్రోగ్రాం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. బండి మీద నిలబెట్టిన కర్ర పడిపోకుండా బండిని ఎడమకో కుడికో తోస్తూ ఉండాలి, ఆట అంతే. నిలబడిన ప్రతి అడుగుకూ ఒక పాయింటు. కర్ర 12 డిగ్రీలు దాటి వంగితే ఆట పోయినట్టే. పడకపోతే 500 అడుగుల దగ్గర ఆట దానంతటదే ఆగుతుంది.

నెట్‌వర్క్ నేర్చుకునేది ఒక అంచనా: ఈ స్థితిలో ఈ వైపు తోస్తే ఇకమీదట ఎన్ని పాయింట్లు వస్తాయి? ముందుముందు వచ్చే పాయింట్లను అడుగుకు 0.99 చొప్పున తగ్గించి లెక్కేస్తాం. చిక్కంతా ఎక్కడుందంటే, సరైన జవాబు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడొచ్చిన పాయింటుకు తర్వాతి స్థితి మీద నెట్‌వర్క్ వేసుకున్న అంచనానే కలిపి, దాన్నే లక్ష్యం అనుకోవాలి.

టార్గెట్ నెట్‌వర్క్, అంటే నెట్‌వర్క్‌కు విడిగా దాచుకున్న పాత కాపీ, ఎందుకు కావాలో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇప్పటి స్థితి అంచనా 20, తర్వాతి స్థితి అంచనా కూడా 20 అనుకుందాం. లక్ష్యం 1 + 0.99 × 20, అంటే 20.8. తేడా 0.8. ఒకసారి శిక్షణ ఇచ్చి 20ని 20.4కు పెంచాం. కార్ట్‌పోల్‌లో పక్కపక్క స్థితులు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తర్వాతి స్థితి అంచనా కూడా దాంతోపాటే పెరుగుతుంది. అది 20.5 అయిందనుకోండి, లక్ష్యం 21.295కు జరిగిపోయింది. తేడా ఇప్పుడు 0.895. శిక్షణ ఇచ్చాక తప్పు తగ్గాల్సింది పోయి పెరిగింది! లక్ష్యాన్ని విడిగా దాచుకున్న పాత కాపీతో లెక్కేస్తే అది 20.8 దగ్గరే ఉంటుంది, తేడా 0.4కు దిగుతుంది. టార్గెట్ నెట్‌వర్క్ చేసే పని ఇదే.

```python
with torch.no_grad():
    nq = target(s2).max(1).values
    y = r + 0.99 * (1 - terminated.float()) * nq
```

ఇందులో `s2` తర్వాతి స్థితి, `r` ఇప్పుడొచ్చిన పాయింటు, `y` లక్ష్యం, ఆట పోతే `terminated` 1 అవుతుంది. నేను ప్రతి 500 అడుగులకు ఒకసారి ఈ కాపీని మారుస్తాను. పది అడుగులకోసారి మారిస్తే ఉన్నా లేనట్టే. మరీ పదివేలకు పెంచితే నేర్చుకోవడం నత్తనడకన సాగుతుంది, ఎందుకంటే కర్ర పడిందన్న కబురు ఒక్కో మార్పుకు ఒక్కో అడుగే వెనక్కి చేరుతుంది.

రీప్లే బఫర్ సంగతి వేరు. వరసగా వచ్చే అడుగులన్నిటిలో కర్ర ఒకే వైపు వంగి ఉంటుంది. వాటితోనే శిక్షణ ఇస్తే నెట్‌వర్క్ ఆ వైపుకు ఒరిగిపోయి రెండో వైపు నేర్చుకున్నది చెరుపుకుంటుంది. అందుకే అనుభవాలన్నీ బఫర్‌లో దాచి, అందులోంచి యాదృచ్ఛికంగా 64 తీసి చూపిస్తాం. దీని సైజు దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పదివేల అడుగుల బఫర్ పెట్టామనుకోండి. ఆట బాగా వచ్చాక ఒక్కో ఆట 500 అడుగులు సాగుతుంది కాబట్టి ఇరవై ఆటల్లో బఫర్ నిండిపోతుంది. పడిపోయిన ఆటలు అందులోంచి వెళ్లిపోతాయి, నిటారుగా నిలబడ్డ కర్రే మిగులుతుంది. పడబోయే కర్ర విలువ తక్కువని గుర్తుచేసేది ఏదీ ఉండదు. వరసగా 500 కొట్టిన ప్రోగ్రాం ఉన్నట్టుండి పాతిక, ముప్పైకి పడిపోతుంది. లక్ష అడుగుల బఫర్ పెట్టాక నా దగ్గర ఇది బాగా తగ్గింది. ఇక్కడ స్థితి అంటే నాలుగు అంకెలే, మెమరీ గురించి టెన్షన్ అక్కర్లేదు. అటారీ ఆటల మీద 2015లో వచ్చిన డీక్యూఎన్ పేపర్లో బఫర్ పది లక్షల ఫ్రేములది, అక్కడ మాత్రం అది పెద్ద ఖర్చే.

శిక్షణ దారి తప్పుతోందని స్కోరు కన్నా ముందు అంచనాలే చెబుతాయి. 0.99 తగ్గింపుతో ఎంత బాగా ఆడినా మొత్తం 100 దాటదు. అందుకే సగటు అంచనాను గ్రాఫ్‌లో పెట్టుకుంటాను. అది 130, 200 అంటూ ఎక్కుతోందంటే స్కోరు ఎంత బాగున్నా నమ్మను, అక్కడే ఆపేస్తాను. ఇంకో మాట, 500 అడుగులు నిండి ఆట ఆగిందని జిమ్నేజియం చెప్పే `truncated` పై కోడ్‌లో లేకపోవడం కావాలనే. 500 దగ్గర ఆగిన ఆటను పడిపోయినట్టు లెక్కేస్తే, నిటారుగా ఉన్న కర్రకు ఒకసారి 100 దగ్గర, ఇంకోసారి 1 అని నేర్పినట్టవుతుంది. ఎన్ని అడుగులు అయ్యాయో నెట్‌వర్క్‌కు కనబడదు కదా.

టార్గెట్ నెట్‌వర్క్, రీప్లే బఫర్ రెండూ ఉన్నా చిక్కులన్నీ తీరవు. గరిష్ఠ అంచనాను ఎంచుకోవడం వల్ల విలువలు కాస్త ఎక్కువగానే వస్తాయి, దానికి డబుల్ డీక్యూఎన్ అనే మెరుగుపరిచిన పద్ధతి కావాలి. యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే సీడ్ మారితే ఫలితమూ మారుతుంది, కాబట్టి ఒక్క రన్ చూసి సెట్టింగులు తేల్చొద్దు. స్కోరు ఎప్పుడైనా జారొచ్చు గనక, అన్నిటికన్నా బాగా ఆడిన నెట్‌వర్క్ వెయిట్లను విడిగా సేవ్ చేసి పెట్టుకోండి.