గంటల టైమ్‌టేబులా, పనుల జాబితాలా: సందడి, కరెంటు కోతలు ఉన్న ఇంట్లో చదువుకు ఏది మేలు?

ఆరు నుంచి ఏడు లెక్కలు, ఏడు నుంచి ఎనిమిది కెమిస్ట్రీ అని రాసి గోడకు అంటించే టైమ్‌టేబుల్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. సొంత గది ఉండి, కరెంటు పోని ఇంట్లో అది బాగానే నడుస్తుంది. ఒకే గదిలో ముగ్గురో నలుగురో ఉండి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో మాత్రం వారం తిరక్కుండానే గాడి తప్పుతుంది. బద్ధకమని తిట్టుకుంటాం గానీ, లోపం ఆ పట్టికలోనే ఉంది. వెలుతురు, నిశ్శబ్దం, ఫోనులో చార్జింగ్ మూడూ ఆ గంటకు సరిగ్గా కుదురుతాయని అది ముందే అనుకుంటుంది. ఒక్కటి తప్పినా ఆ గంట మొత్తం పోయినట్టే.

రెండో పద్ధతిలో ఏ గంటకు ఏ పాఠమో రాసుకోం. ఏ పరిస్థితిలో ఏ పని సాగుతుందో చూసి మూడు జాబితాలు పెట్టుకుంటాం: నిశ్శబ్దం ఉంటేనే సాగేవి, సందడిలోనూ సాగేవి, చీకట్లోనూ సాగేవి.

ఒక ఉదాహరణతో చూద్దాం. డిగ్రీ కెమిస్ట్రీ చదివే అమ్మాయి, గది తమ్ముడితో పంచుకుంటుంది. సాయంత్రం పక్క గదిలో టీవీ మోగుతుంటుంది. కరెంటు వారానికి నాలుగైదుసార్లు చెప్పాపెట్టకుండా ఓ గంట పోతుంది. టైమ్‌టేబుల్ ప్రకారం 7 నుంచి 8 వరకు ఆర్గానిక్ రియాక్షన్లు చదవాలి. 7:10కి కరెంటు పోయి 8:15కి వచ్చింది. ఇప్పుడు పోయిన పాఠం చదవాలా, 8 గంటలకు రాసుకున్నది మొదలుపెట్టాలా? ఏది చేసినా ఇంకోటి వెనకబడుతుంది. ఇలా రెండుసార్లు జరిగితే బాకీ పేరుకుని, ఆ కాగితం వైపు చూడాలంటేనే టెన్షన్.

జాబితాల పద్ధతిలో ఆమె 7:10కి పుస్తకం మూసి, అప్పటిదాకా చదివిన రియాక్షన్‌ను మెట్టు మెట్టుగా గుర్తు తెచ్చుకుంటుంది. ఏది ఏ అణువు మీద దాడి చేసింది, ఎలక్ట్రాన్లు ఎటు వెళ్లాయి, చివరికి ఏం మిగిలింది అని మనసులోనే చెప్పుకుంటుంది. ఎక్కడ ఆగిపోయిందో గుర్తు పెట్టుకుని, లైటు రాగానే అదే చోట పుస్తకంతో సరిచూసుకుంటుంది. ఇది కాలక్షేపం కాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. చీకటి మనచేత బలవంతంగా చేయించే ఈ పనిని మామూలుగా ఎవరూ ఇష్టపడి చేయరు, కష్టం కాబట్టి. ఒకటే షరతు: ఆ పాఠం అంతకుముందు ఒకసారైనా అర్థమై ఉండాలి. కొత్త పాఠం చీకట్లో గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

సందడి విషయంలో కూడా అన్ని శబ్దాలూ ఒకటి కావు. ఫ్యాను హోరు లాంటి ఒకే తీరు శబ్దం పెద్దగా అడ్డు రాదు. మాటలు మాత్రం అడ్డు వస్తాయి. 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు, వెనక వినిపించే మాటలు అర్థం కాని భాషలో ఉన్నా సరే, వరుసగా గుర్తుంచుకునే పని చెడిపోతుందని చూపించారు. అందుకే ఫార్ములాలు, మెట్లున్న లెక్కలు టీవీ పక్కన సాగవు. నోట్సు శుభ్రంగా తిరగరాయడం, బొమ్మలు గీయడం, వచ్చిన పద్ధతిలోనే పది లెక్కలు చేయడం సాగుతాయి. ఇయర్‌ఫోన్లలో పాటలు పెట్టుకుని చదివేవాళ్లూ ఉన్నారు. పాటలో మాటలుంటే ఒక మాటల గోల తీసి ఇంకోటి పెట్టుకున్నట్టే. చెవిలో పెట్టుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్గులు నయం, కాకపోతే వేళ్లతో సన్నగా నలిపి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. పైపైన పెడితే పెద్దగా ఆపవు. కరెంటు పోయినప్పుడు టీవీ ఆగుతుంది, దాంతోపాటు ఫ్యాను హోరూ ఆగి ఇంట్లోవాళ్ల మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి, అది వేరే సంగతి.

మరి జాబితాలే మేలా? వాటికీ ఒక పెద్ద జబ్బుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో అవి చెప్పవు. పైగా ఎంచుకునే వీలుంటే మనిషి తేలిక పనే ఎంచుకుంటాడు. వారం చివర చూసుకుంటే సందడి జాబితాలో అన్నీ టిక్కులు, నిశ్శబ్దం జాబితా మాత్రం రాసింది రాసినట్టే ఉంటే, పద్ధతి చెడిందని అర్థం.

కాబట్టి నా తీర్పు: రోజులో ఒక్క గంటను మాత్రం గట్టిగా కట్టేయాలి, మిగతాదంతా జాబితాలకు వదిలేయాలి. ఆ ఒక్క గంటలో నిశ్శబ్దం జాబితా తప్ప ఇంకేదీ తీయకూడదు. దాన్ని గడియారానికి కాకుండా ఇంట్లో రోజూ జరిగే ఒక పనికి ముడిపెట్టడం మంచిది: తమ్ముడు పడుకున్నాక, లేదా అందరికంటే ముందు లేచి మొహం కడుక్కున్నాక. తెల్లవారుజామా, రాత్రా అన్నది గది చెబుతుంది. గదిలో లైటు రాత్రి 11కి ఆరే ఇంట్లో 5కి లేస్తే మిగిలేది ఆరు గంటల నిద్ర. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి, అలాంటి ఇంట్లో రాత్రి గంటే నయం. అందరూ తొందరగా పడుకునే ఇంట్లో తెల్లవారుజామే తీసుకోవాలి.

ఆ గంటలో కరెంటు పోతే? దానికి మాత్రం ఏర్పాటు ఉండాలి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది దాదాపు 37 వాట్-అవర్లు. మార్పిడిలో కొంత పోయి 25 దాకా బయటికొస్తాయి. 3 వాట్ల యూఎస్‌బీ దీపం దాంతో ఎనిమిది గంటలు వెలుగుతుంది, కొంచెం పాతబడ్డ బ్యాంకుతో అంతకంటే తక్కువ. దీపం పెద్దది కొనడం కంటే దగ్గర పెట్టుకోవడం మేలు. చిన్న దీపమైతే దూరం సగం చేస్తే పేజీ మీద పడే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది, పక్కన పడుకున్నవాళ్ల కళ్లలోనూ పడదు. మరీ చిన్న దీపాలతో ఒక చిక్కుంది: అవి లాగే కరెంటు తక్కువై, ఏమీ తగిలించలేదనుకుని కొన్ని పవర్ బ్యాంకులు కాసేపటికి ఆగిపోతాయి. దీపం దానంతటదే ఆరిపోతుంటే చెడింది దీపం అనుకోకండి, ముందు వెలుగు ఒక మెట్టు పెంచి చూడండి.

గంటల టైమ్‌టేబులే గెలిచే సందర్భాలు రెండున్నాయి. కోతల వేళలు ముందే చెప్పి, వాటిని పాటిస్తుంటే ఆ ఖాళీలు వదిలి గంటలవారీగా రాసుకోవడమే సులువు. అది నిజమో కాదో తెలియాలంటే ఒక వారం కరెంటు పోయిన టైమూ, వచ్చిన టైమూ క్యాలెండర్ మీద రాస్తే చాలు. రెండోది, మూడు గంటల పూర్తి ప్రశ్నపత్రం ఆపకుండా రాసే సాధన. అది ముక్కలైతే పనికిరాదు, ఏ జాబితాలోనూ ఇమడదు. దానికి వారంలో ఒక పూట లైబ్రరీలోనో, ఖాళీగా ఉన్న క్లాసు గదిలోనో కూర్చోవాల్సిందే.